ధనుష్కోడి గోడలో, మండపం నీళ్ళలో

రామేశ్వరం వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ధనుష్కోడి దాకా వెళ్ళి, 1964 తుపానుకు పాడుబడ్డ చర్చి ముందు ఫోటో దిగి వస్తారు. ఆ గోడల్లో కొండరాయి కాదు, పగడపు రాయి వాడారు. ఒకదాని మీద వేలితో తడిమి చూశాను. నిండా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో మధ్యకు చేరే సన్నటి సున్నపు పలకలు.

ఒక్కో గుంట ఒకప్పుడు ఒక పాలిప్ కాపురమున్న చోటు. మెత్తటి ఒళ్ళు, ఒకే నోరు ఉన్న ప్రాణి అది. పిల్లగా నీళ్ళలో కొట్టుకొచ్చి, గట్టి చోటు దొరగ్గానే అతుక్కుంటుంది. నీటిలోని కాల్షియంతో తన కింద సున్నపు గిన్నె కట్టుకుంటుంది. మొగ్గ తొడిగి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కింది అంతస్తు వదిలేసి పైన కొత్తది కడుతూ పోతాయి. పైపొరలోనే ప్రాణం, అడుగున అంతా పాత ఇళ్ళే. బండలా పెరిగే రకం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. కొమ్మల రకం పది సెంటీమీటర్ల దాకా సాగుతుంది.

మండపం వైపు, అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాక బతికున్న పగడం కనిపించింది. గోధుమ రంగు, అక్కడక్కడా పాలిపోయిన తెలుపు. "తెల్లగా ఉందని చచ్చిందనుకోకండి సార్" అన్నాడు పడవ నడిపే పెద్దాయన. ఆయన మాట అక్షరాలా నిజం.

ఆ గోధుమ రంగు పగడానిది కాదు. పాలిప్ ఒంట్లో కంటికి కనబడని నాచు కణాలు కాపురముంటాయి. ఎండతో ఆహారం వండి, అందులో ఎక్కువ భాగం పాలిప్‌కే ఇస్తాయి. పగడాలు వెలుతురు అందే లోతు తక్కువ నీళ్ళనే పట్టుకుని ఉండేది అందుకే. నీటి వేడి ఆ చోట మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, నాచులో వండే ఏర్పాటు చెడి, ఒంటికి హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పాలిప్ ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. మిగిలిన ఒళ్ళు గాజులా పారదర్శకం కాబట్టి కింది సున్నం తెల్లగా కనబడుతుంది.

అంటే తెలుపు ఆకలికి గుర్తు. త్వరగా నీళ్ళు చల్లబడితే నాచు తిరిగొస్తుంది. లేదంటే పాలిప్ మాడి చస్తుంది, ఆ సున్నం మీద పీచులాంటి పచ్చటి నాచు కమ్ముకుంటుంది. చావును చెప్పేది ఆ పచ్చదనమే. సాధారణంగా ముందు పోయేవి కొమ్మల పగడాలు, బండ రకాలు కాస్త ఓర్చుకుంటాయి.

మండపం పక్కనున్న మన్నార్ సింధుశాఖలో 1998లో, 2010లో, 2016లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. తీవ్రంగా దెబ్బతిన్న పగడపు దిబ్బ తేరుకోవడానికి కనీసం పదేళ్ళు పడుతుంది. మొదటి రెండింటి మధ్య 12 ఏళ్ళు దొరికాయి, తర్వాత ఆరే.