తొంభై నాలుగు మంది హెచ్‌ఆర్‌లు, ఒక సీనియర్ అక్క

థర్డ్ ఇయర్ మొదలైన వారంలో లింక్డ్‌ఇన్ అకౌంట్ తెరిచాను. మా హాస్టల్లో అప్పటికే ఒక లెక్క ప్రచారంలో ఉంది. 500 కనెక్షన్లు దాటితే ప్రొఫైల్ మీద అసలు సంఖ్య పోయి "500+" అని పడుతుందని, అది పడితేనే రిక్రూటర్లు మన వైపు చూస్తారని. మొదటి సగం నిజమే. రెండో సగం ఎవరు పుట్టించారో తెలీదు.

నాకు కావాల్సింది ఆరో సెమిస్టర్ తర్వాత వేసవిలో చిప్ వెరిఫికేషన్‌లో ఒక ఇంటర్న్‌షిప్. మా ఇంట్లోగానీ చుట్టాల్లోగానీ ఆ పని చేసేవాళ్లు ఒక్కరూ లేరు. అంటే తెలియనివాళ్లనే అడగాలి కదా అనుకున్నా. సెర్చ్‌లో హెచ్‌ఆర్ అని కొట్టి, కనిపించిన ప్రతి పేరు పక్కనా కనెక్ట్ నొక్కుకుంటూ పోయాను. నాలుగు రాత్రుల్లో 94 మంది. ఐదో రాత్రి నొక్కితే, ఈ వారానికి మీ ఇన్విటేషన్ల పరిమితి అయిపోయింది అని వచ్చింది.

సరే, వారం ఆగుదాం అనుకున్నా. కానీ ఆ శుక్రవారమే మా డిపార్ట్‌మెంట్‌కి ఒక వెరిఫికేషన్ ఇంజినీర్ గెస్ట్ లెక్చర్‌కి వచ్చారు. చివర్లో నేనడిగిన ప్రశ్న ఆయనకు నచ్చింది. "కనెక్ట్ అవ్వు, మెటీరియల్ పంపిస్తా" అన్నారు. క్లాసులో అందరూ అక్కడికక్కడే రిక్వెస్ట్ పంపారు. నేను పంపలేకపోయాను. పదిరోజుల తర్వాత పంపితే, అప్పటికి వచ్చిపడిన వందమంది స్టూడెంట్లలో నేనొకణ్ని. ఇప్పటికీ జవాబు లేదు.

ఇక ఆ 94 మందిలో ఒప్పుకున్నది ఏడుగురు. అందులో ముగ్గురు డబ్బు కట్టించుకుని ఇచ్చే ట్రైనింగ్‌ల ప్రకటనలు పంపారు.

ఈ సంగతి ల్యాబ్‌లో మా సీనియర్ అక్కకు చెప్తే నవ్వి, "సరే గానీ, వాళ్లలో ఒకళ్లు నీ ప్రొఫైల్ తెరిచారనుకో, నువ్వెవరో చెప్పేవాళ్లు అందులో ఎవరున్నార్రా?" అంది. సున్నా కనెక్షన్లున్న నా ప్రొఫైల్లో వాళ్లకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మనం రిక్వెస్ట్ పంపినప్పుడు అవతలివాళ్లు చూసేది మూడే: పేరు, దాని కింద ఒక్క లైను, ఇద్దరికీ కామన్‌గా ఉన్నవాళ్లు. మూడోది ఖాళీగా ఉంటే మొదటి రెండూ చదవరు.

అక్క చెప్పిన పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టాను. ముందు, పంపిన ఇన్విటేషన్ల పేజీకి వెళ్లి పెండింగ్‌లో ఉన్న 87 రిక్వెస్టులూ వెనక్కి తీసుకున్నా. అలా తీసుకున్నాక అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపడం కుదరదు. నాకేం నష్టం లేదనుకోండి. జవాబు రాని రిక్వెస్టులు పేరుకుపోయినా, "ఈ మనిషి నాకు తెలీదు" అని ఎక్కువమంది నొక్కినా అకౌంట్‌కి ఆంక్షలు పడొచ్చు.

తర్వాత మొదటి వరుస: నా ముఖం చూడగానే గుర్తుపట్టేవాళ్లు. సెక్షన్‌వాళ్లు, ల్యాబ్ బ్యాచ్, ఇంటర్ స్నేహితులు, పాఠం చెప్పిన లెక్చరర్లు. రోజుకు పది చొప్పున రెండు వారాల్లో 110 మంది అయ్యారు. "క్లాస్‌మేట్స్‌తో ఏం వస్తుంది అక్కా, వాళ్లూ నాలాగే ఉద్యోగం వెతుక్కునేవాళ్లే కదా" అన్నాను. "వాళ్ల కోసం కాదు, వాళ్ల వెనకున్నవాళ్ల కోసం" అంది. నిజంగానే రూమ్మేట్ వాళ్ల కజిన్, లెక్చరర్ పాత స్టూడెంట్లు, అందరూ నాకు సెకండ్ డిగ్రీలోకి వచ్చేశారు. అప్పటిదాకా అపరిచితులు. ఇప్పుడు మధ్యలో ఒక్క మనిషి.

రెండో వరుస: మా బ్రాంచ్‌లో ఒకటి నుంచి మూడేళ్ల ముందు పాసైనవాళ్లు. కాలేజీ పేజీలో అలమ్నై అని ఒక ట్యాబ్ ఉంటుంది. ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం పని, ఏం చదివారు అని వడకట్టుకోవచ్చు. హైదరాబాద్, బెంగళూరు పెట్టి చూస్తే చిప్ పనిలో ఉన్నవాళ్లు నలభైకి పైగా తేలారు. పదేళ్ల అనుభవం ఉన్న పెద్దవాళ్ల కంటే వీళ్లనే ముందు ఎందుకు అడగాలంటే, వీళ్లు మొన్నమొన్ననే ఆ ఇంటర్వ్యూ గదిలోంచి బయటికొచ్చారు. మన సిలబస్‌లో ఏముందో, ఏం లేదో వీళ్లకు తెలుసు.

దీనికి ఒక ఆధారం కూడా ఉంది. ఉద్యోగం కబురు దగ్గరి స్నేహితుల కంటే కాస్త దూరపు పరిచయాల ద్వారానే ఎక్కువ వస్తుందని మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో ఒక వ్యాసంలో వాదించాడు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లోనే సుమారు 2 కోట్ల మంది మీద దీన్ని పరీక్షించింది. మరీ దగ్గరివాళ్లు కాదు, మరీ ఎవరో కాదు, కొందరు కామన్ పరిచయస్తులు ఉన్న మధ్యరకం వాళ్లే ఎక్కువ పనికొచ్చారని తేలింది. నా 94 మంది హెచ్‌ఆర్‌లు ఆ లెక్కలో ఎక్కడా లేరు.

మూడో వరుసలో ఒక్కొక్కరినీ ఆలోచించి అడిగాను. హైదరాబాద్‌లో వెరిఫికేషన్ చేస్తున్న మా కాలేజీ పూర్వ విద్యార్థిని ఒకరున్నారు. మా ఇద్దరికీ కామన్‌గా ఏడుగురు. అందులో మా హెచ్‌ఓడీ కూడా ఉన్నారు. ఆయన పేరు వాడదామనుకున్నా. అక్క వద్దంది. "సార్‌కి వేలమంది కనెక్షన్లు. ఆ ఏడుగురిలో ఆవిడతో కలిసి ప్రాజెక్ట్ చేసింది ఎవరో చూడు." చూస్తే ఒక సీనియర్ అన్న ఉన్నాడు. ఆయన్ని ముందు అడిగి, పేరు వాడుకోవచ్చని ఒప్పుకున్నాక నోట్ రాశాను. ఉచిత అకౌంట్‌కి నెలకు కొన్ని నోట్లే ఇస్తారు, అక్షరాలూ తక్కువే. కాబట్టి నోట్ ఇలాంటివాళ్లకే దాచుకోవాలి. నేను రాసిన దాని సారాంశం ఇది: మీ బ్యాచ్ ఫలానా అన్న మీ గురించి చెప్పారు మేడమ్. సిస్టమ్‌వెరిలాగ్‌లో ఒక ఫిఫోకి టెస్ట్‌బెంచ్ రాశాను. దీని తర్వాత కవరేజ్ నేర్చుకోవాలా, నేరుగా యూవీఎమ్‌కి వెళ్లాలా?

ఇంటర్న్‌షిప్ అనే మాట ఎత్తలేదు. రెండు నిమిషాల్లో చెప్పగలిగే ప్రశ్న ఒక్కటే అడిగాను.

నాలుగో రోజు జవాబొచ్చింది. కవరేజ్ ముందు అన్నారు, కోడ్ చూపించమన్నారు. చూసి, ఫిఫో నిండినప్పుడు ఒకే క్లాక్‌లో రీడ్, రైట్ రెండూ వస్తే ఏమవుతుందో నువ్వు పరీక్షించనేలేదు అన్నారు. నిజమే. ఆ టెస్ట్ రాస్తే నా డిజైన్‌లోనే తప్పు బయటపడింది. సరిచేసి పంపాను. రెండు నెలల తర్వాత ఆవిడే తమ కంపెనీలో ఇంటర్న్ ఖాళీ ఉందని రెజ్యూమె అడిగారు. ఇంటర్వ్యూ రెండో రౌండ్‌లో పోయింది. కానీ కవరేజ్ మీద వచ్చిన ప్రశ్నలన్నీ చెప్పగలిగాను.

రిక్రూటర్లు నాలుగో వరుస. ఫలానా పోస్టుకి అప్లై చేశాక, ఆ పోస్టు చూస్తున్న మనిషికి మాత్రమే ఇప్పుడు పంపుతున్నా. మిగతావాళ్లను ఫాలో అవుతా, అంతే.

ప్రస్తుతం నాకు 212 మంది. నెలకోసారి ఆ లిస్టు పైనుంచి కిందికి జరుపుతూ, వేలు ఆగినచోట పది పేర్లు చూస్తా. ఒక్కొక్కరు నాకెలా తెలుసో ఒక వాక్యంలో చెప్పుకోగలగాలి. పోయిన నెల ఎనిమిది మందికి చెప్పగలిగా. తెలియని ఆ ఇద్దరూ మొదటి నాలుగు రాత్రుల తాలూకు హెచ్‌ఆర్‌లే.