చంక కింద పిగిలిన చొక్కా

ఖమ్మం వైపు మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళలో చాలామంది చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. అది మొగుడిదో కొడుకుదో అయి ఉంటుంది. కాలరు అరిగి, పెళ్ళికీ పేరంటానికీ పనికిరాదనుకున్న చొక్కా పొలానికి వస్తుంది. కాయ ఘాటు చర్మానికి తగలకుండా, ఎండ చేతుల్ని కాల్చకుండా అదే కాపాడుతుంది. మార్చి దాటి కోతలు తగ్గాక, ఏప్రిల్, మే నెలల్లో అదే చొక్కా భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో తునికాకు కోతకు పోతుంది. అక్కడ ఘాటు ఉండదు గానీ ముళ్ళకంపలూ ఎర్రచీమలూ ఉంటాయి. పొద్దు పొడవకముందే అడవిలోకి వెళ్ళి, ఆకు కోసి, ఇంటికి తెచ్చి యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఆ హడావుడిలో చొక్కా సంగతి ఎవరికి పడుతుంది? అది పిగిలేదాకా పట్టదు.

పిగిలేది దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే. చంక కింద, చేతి కుట్టూ పక్క కుట్టూ వచ్చి కలిసే మూల దగ్గర. నాలుగు ముక్కలు అక్కడ కలుస్తాయి. చెయ్యి ఎత్తితే లాగుడంతా ఆ మూల మీదే పడుతుంది. పొడిగా ఉన్న గుడ్డయితే ఒంటి మీద జారి కొంత సర్దుకుంటుంది. చెమటకు తడిసిన గుడ్డ రవికకూ చర్మానికీ అతుక్కుపోయి జారదు. చేతితో పాటు పైకి రావాల్సిన గుడ్డ రాదు, లాగుడు పూర్తిగా దారానికే తగులుతుంది. పైగా ఆ దారం ఏళ్ళ తరబడి చెమటలో నాని, ఎండలో ఎండి పెళుసెక్కి ఉంటుంది. అందుకే పని మధ్యలో టప్పున తెగుతుంది.

మిషన్ కుట్టులో రెండు దారాలుంటాయి. పైనుంచి వచ్చేది ఒకటి, కింద బాబిన్ నుంచి వచ్చేది ఇంకొకటి. రెండూ గుడ్డ మధ్యలో ఒకదానినొకటి పట్టుకుంటాయి. ఒకచోట తెగితే పక్క కుట్లు వెంటనే ఊడిపోవు గానీ వదులవుతాయి. ఆ వదులు దగ్గర మళ్ళీ లాగుడు పడితే ఇంకో రెండు కుట్లు పోతాయి. పొద్దున వేలు దూరేంత ఉన్న చిరుగు సాయంత్రానికి గుప్పెడు దూరేంత అవుతుంది. కాబట్టి ఆ రాత్రే కుట్టుకోవడం మంచిది. కానీ చాలామంది ఏం చేస్తారంటే, పైనుంచి కనబడినంత మేర కచ్చా కుట్టు గబగబా వేసేస్తారు. కచ్చా కుట్టంటే దారం కిందికీ పైకీ తిన్నగా పోయేదే. లాగితే గుడ్డ ముడతలు పడుతుంది, ఒకచోట తెగితే మొత్తం జారిపోతుంది. రెండో రోజు అదే చిరుగు అదే చోట కనిపిస్తుంది.

సూది పట్టుకునే ముందు ఒక్కటి తేల్చుకోవాలి. తెగింది దారమా, గుడ్డా? చొక్కాను తిరగేసి వెలుతురుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండు అంచులూ నిండుగా ఉండి, పాత సూది బెజ్జాలు వరుసగా కనబడితే తెగింది దారమే. ఇది తేలిక పని. అలాకాక బెజ్జాల పక్కనే గుడ్డ పోగులు పోగులుగా విడిపోయి ఉంటే, తెగింది నేత. అక్కడ ఎంత మంచి దారంతో కుట్టినా నిలవదు. లోపల ఒక మాసిక వేసి, దాని మీదుగా కుట్టాలి. మాసిక గుడ్డ కూడా పాతదే, చాలాసార్లు ఉతికినదే అయ్యుండాలి. కొత్త గుడ్డ మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న పాతదాన్ని లాగి మళ్ళీ చింపుతుంది.

దారం విషయంలో మనవాళ్ళకు ఒక దురభిప్రాయం ఉంది. ఎంత గట్టి దారమైతే అంత మంచిదని గోనెసంచి దారమో, చేపల వలకు వాడే నైలాన్ దారమో తెచ్చి కుడతారు. మెత్తబడిన పాత గుడ్డను ఆ దారం కోసేస్తుంది. తెగాల్సి వస్తే దారమే తెగాలి, గుడ్డ కాదు. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. సంతలో దొరికే మామూలు దర్జీ రీలు చాలు. ఇప్పుడు వచ్చే రీళ్ళలో ఎక్కువ పాలియెస్టరే. అది చెమటకు నూలు కంటే బాగా తట్టుకుంటుంది, కానీ నున్నగా ఉండి ముడి జారుతుంది. ఈ ఇబ్బందికి ఏజెన్సీలో మందు దగ్గరే ఉంది, తేనె మైనం. తేనె పిండాక మిగిలిన మైనం ముద్ద మీద దారాన్ని రెండుసార్లు లాగి, వేళ్ళ మధ్య ఒత్తి నిమిరితే చాలు. పురి విడిపోదు, చిక్కుపడదు, ముడి పట్టు తప్పదు.

దారం పొడుగు మూరకు మించకూడదు. పొడుగెక్కువైతే మాటిమాటికీ సూది ఎక్కించే పని తప్పుతుందనుకుంటాం గానీ, గుడ్డలోంచి పోయినప్పుడల్లా దారం ఒరుసుకుని చివరికొచ్చేసరికి నలిగిపోతుంది, చిక్కు పడుతుంది. కుట్టుకు ఒంటి పేట చాలు. చొక్కా తిరగేసి, వేలాడే పాత దారపు ముక్కలు తీసేసి, రెండు అంచులూ సమానంగా పట్టుకోవాలి. చిరుగు ఎక్కడ మొదలైందో అక్కడ కాదు, దానికి అర అంగుళం ముందు, ఇంకా గట్టిగా ఉన్న పాత కుట్టు మీద మొదలుపెట్టాలి. చివర కూడా అర అంగుళం దాటించాలి. మూడంగుళాల చిరుగుకు నాలుగంగుళాల కుట్టు పడుతుందన్నమాట.

వేయాల్సింది వెనక కుట్టు. సూది పైకొచ్చిన చోటు నుంచి ఒక కుట్టు వెనక్కి వెళ్ళి కిందికి దించి, ముందుకు రెండు కుట్ల దూరంలో పైకి తీయాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. పైన చూస్తే మిషన్ కుట్టులా గీత కనిపిస్తుంది, అడుగున దారం ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటుంది. అలా ఎక్కి ఉండడమే దాని బలం. ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకునే ఉంటుంది, కొంచెం సాగుతుంది కూడా. కుట్టు పొడుగు 2, 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో సగం. దుమ్ముగూడెంలో ఒకప్పుడు మిషనరీలు నేర్పిన లేసు సముద్రాలు దాటి అమ్ముడయ్యేది. ఆ నాజూకు ఈ పనికి అక్కర్లేదు, కుట్లు వంకర పోయినా ఫర్వాలేదు. బిగింపు ఒక్కటీ సరిగ్గా ఉండాలి. నాలుగైదు కుట్లకోసారి గుడ్డను రెండు చేతులా పట్టి మెల్లగా లాగి చూడండి. ముడతలు పడితే బిగించి కుడుతున్నట్టు. అంచుల మధ్య వెలుతురు కనబడితే వదులుగా కుడుతున్నట్టు. చివర అదే చోట రెండు చిన్న కుట్లు వేసి, దారపు ఉంగరంలోంచి సూది రెండుసార్లు తీసి బిగించండి. ముడి మొదట్లో కోసేయకుండా కొద్దిగా దారం వదలండి.

ఇక గుండీ. చొక్కాకు ముందు పోయేది పొట్ట మీదిది కాదు, కఫ్‌ది. గుండీ విప్పకుండానే చెయ్యి దూర్చి లాగేస్తాం కదా. దానికి తోడు ఫ్యాక్టరీలో గుండీ మిషన్ కుట్టేది చాలావరకు ఒకే దారంతో, గొలుసు కుట్టుతో. గుడ్డ వెనక వేలాడే ఆ చిన్న కొసను లాగారో, నాలుగు బెజ్జాల దారమూ ఒక్కసారిగా ఊడొస్తుంది. కొత్త చొక్కా గుండీలు నెల తిరక్కుండా రాలిపోవడానికి కారణం ఇదే, గుండీ నాణ్యత కాదు.

తునికాకు కల్లం దగ్గర వేపచెట్టు కింద ఒక పెద్దమ్మ కఫ్ గుండీ కుట్టడం చూశాను. గుండీ మీద అడ్డంగా చీపురు పుల్ల పెట్టింది. రెండు పేటల దారాన్ని ఆ పుల్ల మీదుగా ఒక జత బెజ్జాల్లో నాలుగుసార్లు, రెండో జతలో నాలుగుసార్లు తిప్పింది. తర్వాత పుల్ల లాగేసి గుండీని పైకెత్తింది. గుండీకీ గుడ్డకూ మధ్య దారం వదులుగా నిలబడింది. సూదిని గుండీ కిందికి తెచ్చి ఆ దారాల చుట్టూ బిగించి అయిదు చుట్లు చుట్టింది.

"అన్ని చుట్లెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"మెడ లేకపోతే గుండీ కాజాలో ఇరుకునబడి గుడ్డను పీకుద్ది బిడ్డా" అంది, సూది వెనక్కి దించి ముడి వేస్తూ.

ఆ మెడ ఎత్తు కాజా ఉన్న గుడ్డ మందమంత ఉండాలి. కఫ్‌లో రెండు మూడు పొరలు, మధ్యలో గట్టి గుడ్డ ఉంటాయి కాబట్టి అక్కడ మెడ కొంచెం ఎక్కువ కావాలి. గుండీ పెట్టి చూడండి. కాజా చుట్టూ గుడ్డ గుంట పడితే మెడ పొట్టి. గుండీ తల వాలిస్తే పొడుగు. చోటు తప్పకుండా ఉండాలంటే పట్టీలు రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పరిచి, కాజా మధ్యలోంచి సూది దించి, అది కింది పట్టీకి తగిలిన చోట కుట్టాలి. కంటి అంచనాతో కుడితే ఒక పట్టీ ఉబ్బుతుంది.

గుండీ ఊడేటప్పుడు గుడ్డ ముక్కను కూడా పట్టుకుపోతే ఆ చిల్లి మీద నేరుగా కుట్టకూడదు. వెనక గోరంత మాసిక మడిచి పెట్టి, చిల్లి అంచులు కలిసేలా దాన్ని ముందు కుట్టి, ఆ తర్వాత గుండీ వేయాలి. మాసిక లేకపోతే వెనక ఇంకో చిన్న పలచటి గుండీ పెట్టి, రెండింటినీ కలిపి కుట్టినా సరే. లాగుడు అప్పుడు గుడ్డ మీద కాక వెనక గుండీ మీద పడుతుంది.

వీటన్నిటికీ ఒక హద్దుంది. చంక దగ్గర గుడ్డను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగండి. కుట్టు లేని చోట కూడా చిరిగిందంటే ఆ చొక్కా ఆయుష్షు తీరింది, దాని మీద సూది పెట్టకండి. గుండీలన్నీ మెడ కింద కోసి ఒక డబ్బాలో వేసుకోండి, వీపు గుడ్డ ఇంకా గట్టిగా ఉంటే మాసికలకు కత్తిరించి దాచండి. వచ్చే ఏడు కోతలు మొదలయ్యే ముందు, మీ ఇంట్లో పొలానికి వెళ్ళబోయే చొక్కాకు కఫ్ గుండీలు రెండూ ఒకసారి చేత్తో కుట్టి పంపండి.