ఓడినవాటి హిసాబ్

రంజాన్‌కు ముందు కడపలో మా మామూజాన్ తన బట్టల దుకాణానికి ఫేస్‌బుక్‌లో 10 ఇష్తెహార్లు వేయించారు, ఒక్కోదానికి 500 రూపాయలు. వేసిన కుర్రాడి రిపోర్టులో రెండే ఉన్నాయి: వెయ్యి ఖర్చు, 50 మంది అడిగారు, మనిషికి 20 రూపాయలు. రెండింట్లోనూ ఎర్ర దుపట్టా. "ఎరుపే కామ్యాబ్ మామూ" అన్నాడు.

"ఆపేసిన ఎనిమిదీ చూపించు బేటా" అన్నాను. వాటికి అడిగింది 12 మందే. అంటే 5000కి 62 మంది, మనిషికి దాదాపు 80. ఓడినవాటిలోనూ నాలుగు ఎరుపే! తేడా ఒక్కటే: గెలిచినవాటి మీద ధర రాసుంది, ఓడినవాటి మీద లేదు.

అదీ కిస్మతేమోనని, ఓడిన ఎర్ర దుపట్టా బొమ్మకే ధర రాసి అంతే డబ్బుతో మళ్లీ వేయించాం. మొదట ఇద్దరు అడిగినదానికి ఈసారి 18 మంది అడిగారు.