లయ లేనిది నాకా, హెడ్‌ఫోన్‌కా?

వినాయక చవితికి మా మేడ్చల్ కాలనీ మండపంలో కీబోర్డు వాయిస్తానని మొహమాటానికి ఒప్పేసుకున్నా. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది కాబట్టి, కింది వాటా వాళ్ళ నిద్ర చెడకుండా బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన మొదలెట్టా. కీబోర్డుని ల్యాప్‌టాప్‌కి తగిలించి, దాని స్వరాలూ వెనక నడిచే ట్రాకూ రెండూ ల్యాప్‌టాప్ నుంచే వినేవాణ్ణి. రెండు వారాలైనా ఒక్క పాటా తాళంలో కూర్చోలేదు. నాకు లయజ్ఞానం లేదని చెప్పి తప్పుకుందామనుకున్నా.

ఇంతలో ఓ శనివారం షామీర్‌పేట నుంచి మా బావ మృదంగంతో దిగాడు. అదే హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని అదే ట్రాకుకి చక్కగా వాయించేశాడు. "ఏందిరా, మంచిగనే ఉంది గదా!" అన్నాడు. మరి నాకేమైనట్టు?

బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, చిన్న చిన్న పొట్లాలు కట్టి పంపుతుంది. దారిలో ఒకటి పోతే మళ్ళీ పంపాలి. ఆలోపు పాట తెగకుండా హెడ్‌ఫోన్ కొంత శబ్దాన్ని నిల్వ పెట్టుకుని ఆనక వినిపిస్తుంది. ఆలస్యంలో పెద్ద వాటా ఈ నిల్వదే. సినిమా చూసేటప్పుడు ఇది తెలీదు, ఎందుకంటే ప్లేయరు బొమ్మని కూడా అంతే ఆపుతుంది. నేనింకా నొక్కని మెట్టుని మాత్రం ఎవరూ ముందే పంపలేరు కదా!

కొలిచి చూశా. ఫోనుని కీబోర్డు పక్కన పెట్టి, హెడ్‌ఫోన్‌ని దాని మైకుకి ఆనించి, ఒక మెట్టు గట్టిగా నొక్కి రికార్డు చేశా. ఆడాసిటీలో తెరిస్తే 'టక్' చప్పుడుకీ స్వరానికీ మధ్య దాదాపు 215 మిల్లీసెకన్లు. వైరు హెడ్‌ఫోన్‌తో 15.

అంటే తేడా 200. నా పాట నిమిషానికి 75 దెబ్బల నడక, దెబ్బకి 800 మిల్లీసెకన్లు. దాన్ని తకధిమి అని నాలుగు చేస్తే ఒక్కో అక్షరం 200. నేను 'త' మీద నొక్కిన స్వరం 'క' మీద వినిపిస్తోందన్నమాట! దానికోసం ఆగుతూ చెయ్యి వెనకబడుతుంది. పోనీ ముందే నొక్కుదామంటే ధ్యాసంతా ఆ లెక్క మీదే.

బావకీ ట్రాకు ఆలస్యంగానే వచ్చింది. కానీ అది ఎప్పుడు బయల్దేరిందో ఆయనకి అనవసరం. విన్నదానికి కొట్టాడు, తన దెబ్బ గాల్లోంచి వెంటనే వినిపించింది. ఆలస్యమయ్యేది ట్రాకొక్కటే ఐతే చిక్కు లేదు, మన వాద్యం కూడా ఆ దారినే తిరిగొస్తేనే చిక్కు. ఐతే ఆయన వాయించినది ల్యాప్‌టాప్ మైకులో రికార్డు చేస్తే, ట్రాకు కన్నా వెనకపడి కనిపించింది. దాన్ని 200 మిల్లీసెకన్లు ముందుకి జరిపితే అతుక్కుపోయింది. వాయించేటప్పుడు అలా జరపలేం.

అటక మీది పాత వైరు హెడ్‌ఫోన్ దించా. ఇప్పుడూ తప్పులు పోతున్నాయి, ఎక్కువగా చరణం మొదట్లో. కానీ అవి నావే, సాధన చేస్తే తగ్గుతున్నాయి. మండపానికి వస్తానని చెప్పేశా.