“తొంభై ఆరుంది కదా సార్!”

2021 వేసవిలో కరోనా రెండో దెబ్బకి జనం ఎగబడి కొన్న ఆక్సీమీటర్లు మా ఊళ్లో చాలా ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. మందుల డబ్బాలో, థర్మామీటరు పక్కన పడి ఉంటాయి. వానాకాలంలో ఫ్లూ జ్వరాలు మొదలవగానే బయటికొస్తాయి, సంక్రాంతి చలికి ఇంకోసారి వస్తాయి. ఒకప్పుడు ఫోన్ చేసినవాళ్లు జ్వరం ఎంతుందో చెప్పేవాళ్లు. ఇప్పుడు ముందు ఆక్సిజన్ అంకె చెబుతారు, ఆ తర్వాతే మిగతా సంగతి. అంకె తగ్గితే ఇల్లంతా హడావిడి, బాగుంటే అందరూ నిశ్చింత. ఈ రెండింటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టేది నిశ్చింతే.

హడావిడి సంగతి ముందు చెప్పేస్తాను. ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు ఒక కోడలు ఫోన్ చేసింది. “డాక్టర్ గారూ, మా అత్తయ్యగారికి 84 చూపిస్తోంది, అంబులెన్స్ పిలవమంటారా?” వెనకనుంచి ఆ అత్తగారు “నాకేం కాలేదే, ఆ దుప్పటి ఇటివ్వు” అంటున్న గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. మాటలో ఎక్కడా ఆయాసం లేదు. చలిజ్వరం అప్పుడే ఎక్కుతోంది, చేతులు మంచులా ఉన్నాయట, గోళ్లకి రంగు కూడా ఉందట. రెండు చేతులూ గోరువెచ్చటి నీళ్లలో పెట్టి తుడవమన్నాను. రంగు తీసేసి, చెయ్యి ఒళ్లో కదలకుండా పెట్టి, మధ్యవేలికి మిషన్ తగిలించి ఒక నిమిషం ఆగాక చూడమన్నాను. 97 వచ్చింది.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఆ మిషన్ ఏం చేస్తుందో తెలియాలి. దాని లోపల రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి మనకు కనిపించే ఎర్ర కాంతి, రెండోది కంటికి కనిపించని పరారుణ కాంతి. ప్రాణవాయువు ఎక్కిన రక్తం ఎర్ర కాంతిని ఎక్కువగా వదిలేస్తుంది, పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ప్రాణవాయువు లేని రక్తం దీనికి తిరగబడి ఉంటుంది. అయితే వేలిలో రక్తంతో పాటు చర్మం, ఎముక, కండ కూడా కాంతికి అడ్డొస్తాయి. వాటినుంచి రక్తాన్ని విడదీయడం ఎలా? 1970ల్లో జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి దీనికి దారి కనిపెట్టాడు. నాడి కొట్టినప్పుడల్లా పెరిగి తగ్గేది ధమనుల్లోని రక్తం ఒక్కటే కనుక, కాంతిలో ఆ కదిలే భాగాన్ని మాత్రం లెక్కలోకి తీసుకున్నాడు. ఈనాటి ప్రతి ఆక్సీమీటరూ ఆ సూత్రం మీదే నడుస్తోంది. కాబట్టి వేలిలో నాడి సరిగ్గా అందకపోతే దాని అంకెకి విలువ లేదు. చలితో వణికే మనిషి వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, దానికి తోడు చెయ్యి కదులుతుంది.

ఇంట్లో దీన్ని పసిగట్టే ఉపాయం ఒకటుంది. తెరమీద SpO2 పక్కన PR అనో, PRbpm అనో ఇంకో అంకె ఉంటుంది. అది నాడి. మణికట్టు దగ్గర మీరు పట్టుకుని లెక్కపెట్టిన నాడితో అది ఇంచుమించు కలిస్తే ఆక్సిజన్ అంకెను నమ్మొచ్చు. మీ చేతికి 104 తగులుతుంటే మిషన్ 61 చూపిస్తోందంటే దానికి నాడి దొరకలేదన్నమాట. తెరను ఏ వైపునుంచి చూస్తున్నారో కూడా గమనించుకోండి. 98ని తలకిందులుగా చదివితే 86 అవుతుంది. ఇలా బెదిరిపోయి వచ్చినవాళ్లను చూశాను. 86ను 98గా చదువుకుని ఇంట్లో కూర్చునే ప్రమాదమూ అంతే ఉంది.

ఇక అసలు సంగతికొస్తాను.

రైస్ మిల్లులో గుమాస్తా, అరవై ఒక్కేళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. ఇంట్లో మనవడి నుంచి ఫ్లూ అంటుకుంది. నాలుగు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు. ఐదో రోజుకి జ్వరం దిగింది, చారన్నం తిన్నాడు, మిల్లుకి కూడా ఫోన్ చేసి లెక్కలు అడిగాడట. ఏడో రోజు సాయంత్రం మళ్లీ చలి పెట్టి జ్వరం 102కి ఎక్కింది. దగ్గితే కుడి డొక్కలో పోటు. కొడుకు నాకు ఫోన్ చేశాడు. “మళ్లీ జ్వరమొచ్చింది సార్. భయమేం లేదులెండి, తొంభై ఆరుంది కదా సార్! రేపు తీసుకొస్తాను.”

తగ్గిన ఫ్లూ మళ్లీ తిరగబెట్టిందంటే నాకు అనుమానం. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. అప్పటిదాకా ముక్కులో, గొంతులో ఊరుకున్న న్యుమోకాకస్, స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా ఆ సందులో ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. జనం నెమ్ము అనేది దాన్నే. అబ్బాయికి ఒక పని చెప్పాను. “నాన్నగారి మణికట్టు పట్టుకో, నాడి చూస్తున్నట్టు. చూపు మాత్రం ఛాతీ మీద పెట్టు. ఆయనకి చెప్పకుండా, గడియారం చూసుకుంటూ పూర్తిగా ఒక నిమిషం ఎన్ని ఊపిరులో లెక్కపెట్టు.” మనిషికి చెబితే ఊపిరి తీరు మారిపోతుంది, అందుకే ఈ దొంగాట. ఇరవై ఎనిమిది వచ్చింది. ఇంకోసారి లెక్కిస్తే ముప్ఫై. కుదురుగా కూర్చున్న పెద్దవాళ్లకి ఇది పన్నెండు నుంచి ఇరవై మధ్య ఉండాలి. ఫోన్ ఆయనకిమ్మన్నాను. “నాకేం... పర్లేదు డాక్టరు గారూ... కాస్త నీరసం...” అంటూ ఒక్క వాక్యానికి రెండుచోట్ల ఆగాడు. రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరమన్నాను.

వచ్చాక కూర్చోబెట్టి చూస్తే మా మిషన్‌లో 95. వేలికి మిషన్ ఉంచే వరండాలో నడిపించాను. రెండో చుట్టులో 90కి పడిపోయింది. కూర్చున్నాక 94కి రావడానికి నిమిషం పైనే పట్టింది. కుడి ఊపిరితిత్తి అడుగున చిటపట శబ్దాలు వినిపించాయి, ఎక్స్‌రేలో అక్కడే తెల్లటి మచ్చ ఉంది. చేర్చుకుని నరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ఫ్లూ పరీక్ష పాజిటివ్ వచ్చింది కనుక ఒసెల్టామివిర్ కూడా ఇచ్చాం. ఆ మందు మొదటి 48 గంటల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం, అయినా ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినవాళ్లకి ఆలస్యమైనా ఇస్తాం. తెల్లవారుజామున పడుకున్నచోటే 89 అయ్యింది, ఆక్సిజన్ పెట్టాం. మూడో రోజుకి జ్వరం దిగింది, ఊపిరులు ఇరవైకి వచ్చాయి. వారం లోపే ఇంటికి పంపాం.

మరి ఆ సాయంత్రం 96 అని చూపించిన మిషన్ తప్పు చెప్పిందా? లేదు. అడిగినదానికి అది సరిగ్గానే జవాబిచ్చింది. ఆక్సీమీటరు చెప్పేది ఒక్కటే, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ప్రాణవాయువు ఎక్కి ఉందన్నది. హిమోగ్లోబిన్‌ని బస్సులో సీట్లనుకోండి. స్టాపులో నూరుమంది ఉన్నా ఎనభైమంది ఉన్నా నలభై సీట్లూ నిండుతాయి. సీట్లను మాత్రమే చూసేవాడికి స్టాపులో జనం పలచబడ్డ సంగతి తెలియదు. రక్తంలో ప్రాణవాయువు పీడనం 100 మిల్లీమీటర్ల నుంచి 80కి దిగినా మిషన్ అంకె 98 నుంచి 95కి మాత్రమే వస్తుంది. 60కి దిగితే 90. అక్కడినుంచి మాత్రం జారుడే. పీడనం 40 అయ్యేసరికి 75కి పడిపోతుంది. ఈలోగా శరీరం ఊరుకోదు, ఊపిరి వేగం పెంచి లోటు పూడుస్తుంది. మా గుమాస్తా గారు నిమిషానికి ముప్ఫైసార్లు ఊపిరి తీసి ఆ 96ని నిలబెట్టుకున్నారు. అలిసిపోయాక అది నిలవలేదు. అందుకే ఫ్లూలో ఆక్సిజన్ అంకెతో పాటు ఊపిరుల లెక్క కూడా రాయమంటాను. దానికి మిషన్ అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు.

నడిపించి చూడటం గురించి ఒక హెచ్చరిక. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువున్నవాళ్లనీ, అప్పటికే ఆయాసపడుతున్నవాళ్లనీ ఇంట్లో నడిపించకండి. బాగానే ఉన్నవాళ్లు గదిలో కొన్ని నిమిషాలు మామూలుగా నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోతే ఆరోజే డాక్టరుకి చూపించాలి.

మిషన్‌కి మన రంగు కూడా కొంత అడ్డమే. 2020 చివర్లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఆక్సీమీటరు 92 నుంచి 96 చూపించిన రోగుల ధమని రక్తాన్ని పరీక్షించారు. నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్ల నమూనాల్లో 3.6 శాతం ఉంటే, నల్లజాతివాళ్ల నమూనాల్లో 11.7 శాతం ఉన్నారు. నల్లటి చర్మం మీద మిషన్ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుందన్నమాట. మనలో చామనఛాయ, నలుపు రంగువాళ్లే ఎక్కువ కాబట్టి అంచున ఉన్న 93నో 94నో “సరిపోతుందిలే” అనుకోకూడదని నా అభిప్రాయం. పైగా ఆమోదం పొందిన మిషనే 90 అంటే, నిజం 86 నుంచి 94 లోపు ఎక్కడైనా ఉండొచ్చని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. ఏ ఆమోదం లేకుండా రెండో దెబ్బలో సందుల్లో అమ్మినవాటి గురించి వేరే చెప్పాలా? చేతి గడియారాల్లో వచ్చే అంకెని జబ్బుమనిషి విషయంలో నేను లెక్కలోకే తీసుకోను.

ఒక్క అంకె కంటే మనిషి మామూలు అంకె నుంచి ఎంత దిగిందన్నది ముఖ్యం. చుట్టలు తాగి ఊపిరితిత్తులు పాడైన ఒక పెద్దాయనకి బాగున్న రోజునే 91. ఫ్లూ వస్తే కొడుకు అద్దెకి కాన్సంట్రేటర్ తెచ్చి 99 దాకా ఎక్కించాడు. ఆయన మత్తుగా జోగుతున్నాడని నాకు కబురొచ్చింది. ఇలాంటివాళ్లకి 88 నుంచి 92 మధ్య ఉంచాలి. అతిగా ఇస్తే బొగ్గుపులుసు వాయువు లోపల పేరుకుంటుంది. ఇంట్లో ఉబ్బసం, గుండెజబ్బు, దీర్ఘకాల దగ్గు ఉన్నవాళ్లుంటే బాగున్న రోజునే ఒకసారి చూసి చీటీ మీద రాసిపెట్టుకోండి.

చిన్నపిల్లల వేళ్లకి పెద్దల క్లిప్ సరిగ్గా పట్టదు. వాళ్లకి ఊపిరులే లెక్క. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకి నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకి 40, ఆ అంకె అందుకున్నా దాటినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి లాక్కుంటుంటే లెక్కపెట్టడానికి కూడా ఆగొద్దు.

ఇక పెద్దల సంగతి. వెచ్చటి చేతికి, కుదురుగా కూర్చుని, నాడి కలిసిన మిషన్‌తో రెండుసార్లు చూడండి. 95 గానీ ఆపైన గానీ ఉండి, ఊపిరి తేలిగ్గా ఉంటే ఇంట్లో ఉండొచ్చు. రోజుకి మూడుసార్లు చూస్తే చాలు, గంటగంటకీ అక్కర్లేదు. 93, 94 దగ్గర నిలిస్తే ఆరోజే డాక్టరు దగ్గరికి రండి, గర్భిణులు అయితే 95 కంటే తగ్గగానే రావాలి. 92, అంతకంటే తక్కువైతే ఆస్పత్రికి. మామూలుగానే తక్కువుండేవాళ్లు చీటీ మీది అంకె నుంచి మూడు దిగగానే బయల్దేరాలి. అంకె ఎంతున్నా సరే, ఊపిరులు పాతిక దాటినా, పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సివచ్చినా ఇంట్లో ఉండే పని లేదు. మామూలుగా బాగుండే మనిషికి 90 కంటే తగ్గితే నాకు ఫోన్ చేసి సమయం పోగొట్టుకోకండి, ముందు 108కి చేయండి.