మూడోసారి వచ్చే పల్లవి

పాట చేతికి రాగానే నేను డైరెక్టర్‌ని అడిగేది రెండే ప్రశ్నలు. దీనికి ముందు సీను ఏంటి, తర్వాత సీను ఏంటి? ట్యూను, సాహిత్యం, హీరోయిన్ కాస్ట్యూము రంగు, ఇవన్నీ ఆ తర్వాత. ముందు సీనులో ఉన్న మనుషులు, తర్వాత సీనులో ఉన్న మనుషులు ఏ మార్పూ లేకుండా ఉంటే ఆ పాటను ఎక్కడైనా తీయొచ్చు, స్విట్జర్లాండ్‌లోనైనా సరే, శంషాబాద్‌లో వేసిన సెట్టులోనైనా సరే. అలాంటి పాటలూ చేశాను, డబ్బులూ తీసుకున్నాను. కానీ మధ్యలో ఏదో జరగాల్సి ఉంటే అప్పుడు డాన్స్ మాస్టర్ పని వేరేగా మొదలవుతుంది.

మన సినిమా పాట నడకలోనే ఒక సౌకర్యం ఉంది. పల్లవి, ఒక చరణం, మళ్లీ పల్లవి, ఇంకో చరణం, చివర్లో మళ్లీ పల్లవి. అవే మాటలు, అదే ట్యూను మూడుసార్లు వస్తాయి. చెవికి ఏ తేడా లేదు కాబట్టి కంటికి చిన్న తేడా చూపించినా ప్రేక్షకుడు పట్టేస్తాడు. కథ చెప్పడానికి ఇంతకన్నా సులువైన చోటు సినిమాలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. మాయాబజార్ (1957)లో మార్కస్ బార్‌ట్లీ వెన్నెల్లో తీసిన పడవ పాట చూడండి. పడవ అదే, వెన్నెల అదే, పల్లవి అదే. అందులో విహరించే జంటలే మారతాయి. అభిమన్యుడూ శశిరేఖా, కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ. కుర్రజంట ప్రేమకు పెద్దల ఇంట్లో ఎవరి అండ ఉందో, ఎవరి కంట పడకూడదో ఆ పాట అయ్యేసరికి మనకు తెలిసిపోతుంది. ఆర్‌ఆర్‌ఆర్‌లోని నాటు పాట కూడా ఈ దారిదే. 2021లో కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు, ప్రేమ్ రక్షిత్ మాస్టర్ కొరియోగ్రఫీ. అందరూ ఆ కాళ్ల వేగం గురించే మాట్లాడతారు. నేను చూసేది వేరు. ఒకే స్టెప్పు మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ నిలబడినవాళ్లు తగ్గుతారు. చివరికి ఇద్దరు మిగులుతారు. అప్పుడు రామ్, జెన్నీ ఎవరివైపు చూస్తోందో గమనించి, కావాలని పడిపోతాడు. వాళ్ల స్నేహం ఎలాంటిదో చెప్పే సీను అదే. అది డైలాగుతో రాసుంటే ఎంత పేలవంగా ఉండేదో ఊహించుకోవచ్చు.

నేను చేసిన వాటిలో ఒకటి చెబుతాను. సినిమా పేరు వద్దు, అది పెద్దగా ఆడలేదు. కోనసీమ కుర్రాడు, కోనసీమ అమ్మాయి. స్క్రిప్టులో వాళ్ల ప్రేమకు మూడు సీన్లు, అతను గల్ఫ్ వెళ్లడానికి ఒక సీను రాసుకున్నారు. నిడివి ఎక్కువైందని ఆ నాలుగూ తీసేసి పాటలో పెట్టమన్నారు. పాటకు ముందు సీనులో ఇద్దరికీ పరిచయం కూడా లేదు. తర్వాత సీనులో ఆమె నాన్నగారి ముందు కూర్చుని, వచ్చిన సంబంధానికి వంక పెడుతుంది. మధ్యలో ఉన్నదంతా నాలుగున్నర నిమిషాల్లో చెప్పాలి.

లొకేషన్ ఏదన్నప్పుడు కొబ్బరితోటలు, కాలవగట్టు అన్నారు. నేను నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య వశిష్ఠ గోదావరి దాటించే పంటు అడిగాను. మోటార్ సైకిళ్లు, ఆటోలు, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు, అందరూ దాని మీదే దాటతారు. ఆ జంట రోజూ అదే పంటు మీద కలుస్తారంటే ఎవరూ ఎందుకని అడగరు. ఇంకో కారణం కూడా ఉంది. పంటు రేవుకు తగిలినప్పుడు ఒక కుదుపు వస్తుంది. దాని మీద నిలబడినవాళ్లందరూ ఒక్కసారి ముందుకు వాలి, మళ్లీ వెనక్కి వస్తారు. రోజూ దాటేవాళ్లు ఆ కుదుపు రాకముందే కమ్మీ పట్టుకుంటారు, కొత్తవాళ్లు తూలతారు. నాకు స్టెప్పు అక్కడ దొరికింది.

డైరెక్టర్‌కి గ్రూపు కావాలి. “మాస్టర్, ఓ ఇరవైమంది డాన్సర్లని పంటు ఎక్కిద్దాం, రిచ్‌గా ఉంటుంది” అన్నారు. “ఎక్కిద్దాం సర్, కానీ వాళ్లు డాన్స్ చెయ్యరు” అన్నాను. పంటు మీద ఇరవైమంది వరసగా నిలబడి చేతులు ఊపారంటే అది వెంటనే కలల పాట అయిపోతుంది, ఆ అమ్మాయికి జరిగేది ఏదీ నిజంగా జరుగుతున్నట్టు ఉండదు. అందుకే ప్రయాణికులకు ఒక్కటే పని ఇచ్చాం. పల్లవి మొదటి మాట మీద కుదుపు, అందరూ కలిసి వాలడం, మూడో లెక్కకి నిటారుగా రావడం. అంతే.

మొదటి పల్లవిలో ఆమె తూలుతుంది, ముక్కూమొహం తెలియని కుర్రాడి భుజం తగులుతుంది. చిరాకు పడి దూరం జరుగుతుంది. రెండో పల్లవిలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉంటారు. కమ్మీ అందేంత దగ్గరలోనే ఉన్నా ఆమె పట్టుకోదు, కుదుపు కోసం చూస్తుంది. మూడో పల్లవిలో అతను లేడు. కుదుపు వస్తుంది, ఆమె అలవాటుగా పక్కకి వాలుతుంది, అక్కడ భుజం లేదు, చెయ్యి గాలిలోకి వెళ్లి కమ్మీని వెతుక్కుంటుంది. ఇద్దరికి కట్టిన స్టెప్పులో ఒకరి సగమే చెయ్యడం, అంతకుమించి ఏమీ లేదు. ఆ సగం చెయ్యడానికి హీరోయిన్ చాలా కష్టపడింది. ఏడుపు మొహం పెట్టకుండా, కేవలం తూకం తప్పినట్టు చెయ్యాలి మరి.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పాలి. పాట వేగం నిమిషానికి 96 బీట్లు. కెమెరా సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఒక్కో బీటుకి 15 ఫ్రేములు, ఎనిమిది లెక్కలకి సరిగ్గా 5 సెకన్లు. కానీ పంటుకి మన లెక్క తెలియదు కదా, అది తగిలినప్పుడే తగులుతుంది. అందుకని దూరపు షాట్లలో నిజమైన కుదుపునే తీశాం, ఎడిటర్ దాన్ని బీటు మీదకి జరుపుకున్నాడు. మొహాలు కనిపించే దగ్గరి షాట్లకి మాత్రం పంటుని రేవుకి మోకులతో కట్టేసి, నేను లెక్క చెబుతుంటే అందరూ వాలారు. ఆపరేటర్ కూడా కెమెరాతో పాటే వాలాడు. అతను వాలకపోతే జనం మాత్రమే ఊగినట్టు ఉండి నాటకం బయటపడిపోతుంది.

కెమెరా ఎటు నిలబడాలన్నది అన్నింటికన్నా ముందే తేల్చుకున్నాం. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లడం అంటే తూర్పు నుంచి పడమరకి. కెమెరా నదికి ఎగువ వైపు నిలబడి దిగువకి చూస్తే, వెళ్లేటప్పుడు పంటు తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, వచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకి. పాట మొత్తం ఆ ఒక్క వైపే ఉండాలని పట్టుబట్టాను. ఒక్క షాటులో అవతలి వైపుకి వెళ్లినా వెళ్తున్నవాళ్లు తిరిగి వస్తున్నట్టు అయిపోతారు. మొదటి రెండు పల్లవులూ ఎడమ నుంచి కుడికే. రెండో చరణంలో ఆమె అతన్ని నరసాపురంలో బస్సు ఎక్కించి ఒంటరిగా తిరిగి వస్తుంది, కుడి నుంచి ఎడమకి. ఏ మాటా లేకుండా ఇది తిరుగు ప్రయాణమని తెలుస్తుంది.

కదలిక విషయంలోనూ ఒక నియమం పెట్టుకున్నాం. ఇద్దరూ ఉన్నంతసేపూ కెమెరా కదులుతూనే ఉంటుంది. పంటు మీద ట్రాలీ వేసే చోటు లేదు, పైగా ఇంజను అదురుకి పట్టాలు నిలవవు, అందుకని స్టెడీక్యామ్‌తో మోటార్ సైకిళ్ల మధ్య నుంచి తిరిగాం. ఒక లెక్కకి ఆమె మీద మొదలై ఐదో లెక్కకి అతన్ని చేరాలి, ఎనిమిదికి ఇద్దరూ ఫ్రేములో ఉండాలి. మూడో పల్లవికి వచ్చేసరికి కెమెరా దిగిపోయింది. సఖినేటిపల్లి రేవులో స్టాండు మీద పెట్టి వదిలేశాం. పంటే దాని దగ్గరికి వస్తుంది, తగులుతుంది, జనం దిగి కెమెరా పక్కనుంచి వెళ్లిపోతారు. సాయంత్రం పూట పడమరకి చూస్తున్నాం కాబట్టి వెలుతురంతా ఆమె వెనక ఉంది. థర్మాకోల్ బోర్డులు పెట్టి మొహానికి వెలుగు కొట్టమన్నారు డైరెక్టర్. కాస్తే కొట్టాం. ఆ షాటులో చూడాల్సింది ఆమె చెయ్యి, కళ్లు కాదు.

లిప్ గురించి కూడా ఒక మాట. పంటు నడుస్తుంటే ఇంజను మోతకి నాగ్రా వినిపించదు. ఒడ్డు మీద పెద్ద స్పీకర్లు పెడదామని కుర్రాళ్లు అన్నారు. వద్దన్నాను. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. ఆర్టిస్టులు వంద అడుగుల దూరంలో ఉంటే పాట వాళ్ల చెవికి చేరేసరికే రెండు ఫ్రేములు గడిచిపోతాయి, పెదాలు అంత వెనకబడతాయి. మానిటర్‌లో చిన్న బొమ్మ మీద ఇది తేలిగ్గా తెలియదు, థియేటర్లో మాత్రం ఏదో అతకనట్టు ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి నేను చూసేవి ప, బ, మ అక్షరాలే. ఆ అక్షరాలకి పెదాలు మూతపడి తీరాలి. శబ్దం వచ్చాక మూతపడితే షాటు మళ్లీ తియ్యాల్సిందే. చివరికి చిన్న స్పీకర్లని ఆర్టిస్టుల కాళ్ల దగ్గర, చేపల బుట్టల వెనక దాచాం.

ఆమె ఓణీ ఎగిరే ఒక షాటు స్లో మోషన్‌లో, లిప్‌తో కావాలన్నారు. 48 ఫ్రేములు పెడితే పాటని రెట్టింపు వేగంతో వినిపించాలి, ఆమె కూడా రెట్టింపు వేగంతో పాడాలి. అప్పుడే తెర మీద నెమ్మదించిన మనిషి మామూలు వేగంతో పాడినట్టు ఉంటుంది. అంత వేగంలో దీర్ఘాలు నోట్లోనే కలిసిపోతాయి కాబట్టి ఒక్క వాక్యానికి మించి పెట్టవద్దన్నాను. మూడో పల్లవికి అయితే లిప్పే వద్దనుకున్నాం. ట్రాకులో అతని గొంతూ ఉంది, ఆమె గొంతూ ఉంది. తెర మీద ఎవరూ పాడటం లేదు. అక్కడి నుంచి పాట ఆమె మనసులో వినిపిస్తున్నట్టు అవుతుంది.

ఇంతకీ అతను గల్ఫ్ వెళ్తున్నాడని ఎక్కడ చెప్పాం? రెండో చరణం ముందు వచ్చే మ్యూజిక్ బిట్‌లో. అతని చొక్కాలో నుంచి పాస్‌పోర్టు తొంగిచూస్తుంది, ఆమె చూస్తుంది, అతను దాన్ని లోపలికి తోసేస్తాడు. తర్వాత నరసాపురంలో కదులుతున్న బస్సు ఒక్క షాటు. కథకు తప్పనిసరి అయిన సమాచారాన్ని నేను ఎప్పుడూ చరణంలో పెట్టను. మాటలు వినిపిస్తుంటే చెవి సాహిత్యం వెంట పోతుంది, కన్ను సగమే పనిచేస్తుంది. ఇంకో భయం కూడా ఉంది, నిడివి తగ్గించాలంటే ఎవరి కత్తెరైనా ముందు పడేది రెండో చరణం మీదే. విడుదలైన రెండో వారంలో అదే జరిగింది, చరణం మొత్తం ఎగిరిపోయింది. మ్యూజిక్ బిట్ నుంచి నేరుగా మూడో పల్లవికి అతికించారు. తిరుగు ప్రయాణం పోయిందని బాధపడ్డాను కానీ, పాస్‌పోర్టు చూసినవాళ్లకి ఆమె పక్కన ఆ భుజం ఎందుకు లేదో వేరే చెప్పాల్సిన పని రాలేదు.