మొదటి వారం రాసిన ఆ ఒక్క కాగితం

ఈ ఏడాది డిగ్రీలో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాం. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికతో చదవండి.

కొన్ని కాలేజీల్లో మొదటి వారంలోనే ఒక తెల్లకాగితం చేతికిచ్చి, అక్కడే కూర్చోబెట్టి ఏదో ఒకటి రాయిస్తారు. దానికి మార్కులు ఉండవు. కాగితాలు తీసుకుని బీరువాలో పెట్టేస్తారు. తర్వాత మనం ఇంటి దగ్గరో హాస్టల్లోనో రాసి తెచ్చే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు మన సొంత రాతేనా, ఇంకెవరితోనైనా రాయించామా అని అనుమానం వస్తే, ఆ కాగితం బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. పద్ధతి మంచిదే. డబ్బులిచ్చి రాయించుకునేవాళ్లు ఉన్నప్పుడు సొంతంగా రాసేవాళ్లకు అదే రక్ష. కానీ ఆ కాగితం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలియకపోతే సొంతంగా రాసినవాళ్లే ఇరుక్కుంటారు. మా హాస్టల్లో భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక కోయ చెల్లి విషయంలో అదే జరగబోయింది.

మొదటి వారం సార్ ఇచ్చిన అంశం ‘మా ఊరి సంత’. టైము 20 నిమిషాలు. చెల్లి 11 లైన్లు రాసింది, లెక్కపెడితే 90 మాటలు. నాలుగు నెలల తర్వాత ‘మా ఊళ్లో ఇప్పపూల సేకరణ’ మీద ఆరు పేజీల రిపోర్టు ఇచ్చింది, అది దాదాపు 1100 మాటలు. సార్ రెండూ చూసి, “ఏమ్మా, ఇది నువ్వే రాశావా? మొదట్లో నాలుగు మాటలు రాయడానికి తడబడ్డావు గదా” అన్నారు. చెల్లి “నేనే రాశాను సార్” అని తల దించుకుని నిలబడింది. రిపోర్టుకు మార్కులు వెయ్యకుండా ఆపారు.

అప్పుడు మేము ముగ్గురం సార్ దగ్గరికి పోయి ఆ రెండు కాగితాలనూ చూపించమని అడిగాం. ఆయన కాదనలేదు. అందరం కలిసి చదివాం.

సార్‌కు అనుమానం తెచ్చినవి మూడు. రిపోర్టు పొడుగ్గా ఉంది, తప్పులు తక్కువ ఉన్నాయి, వాక్యాలు సాఫీగా ఉన్నాయి. ఆలోచిస్తే ఈ మూడూ టైము దొరికితే ఎవరికైనా మారేవే. రిపోర్టును చెల్లి రెండుసార్లు దిద్ది రాసింది. పైగా తెల్లారకముందే అమ్మతో పోయి చెట్ల కింద పూలు ఏరిన పిల్లకు ఇప్పపూల గురించి చెప్పడానికి చాలా ఉంటుంది. సంత గురించి 20 నిమిషాల్లో, అదీ కొత్త కాలేజీలో భయపడుతూ రాసేటప్పుడు అంత రాదు. కాబట్టి ఈ తేడాలు రాసిన మనిషి మారిందని చెప్పవు, రాసిన పరిస్థితి మారిందని మాత్రమే చెప్తాయి.

చూడాల్సింది మనకు తెలియకుండా చేతిలోంచి వచ్చే అలవాట్లను. సంత కాగితంలో చెల్లి “ఆడవాళ్లు కూరగాయలు అమ్ముతాయి” అని రాసింది. రిపోర్టులో రెండో పేజీలో “ఆడవాళ్లు చీకటితోనే లేస్తాయి” అని ఉంది. తెలుగులో ‘అమ్ముతారు’, ‘లేస్తారు’ అనాలి. కోయ భాషలో మగవాళ్లకు ఒక రకం క్రియ, ఆడవాళ్లకూ వస్తువులకూ కలిపి ఇంకో రకం క్రియ ఉంటుంది, బహువచనంలో కూడా అంతే. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల తెలుగు రాస్తే అది ఇలా జారిపడుతుంది. రిపోర్టు దిద్దేటప్పుడు మిగతావన్నీ సరిచేసుకున్నా ఇది మాత్రం ఆమె కంటికి తప్పుగా కనపడలేదు. పట్నంలో జిరాక్స్ షాపు పక్కన డబ్బులు తీసుకుని రాసిచ్చే మనిషి చేతిలోంచి ఇది రావడం కష్టం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ గుర్తు కోయ పిల్లలు చాలామందిలో ఉంటుంది. కాబట్టి ఇది బయటివాళ్లు రాయలేదని చెప్తుంది గానీ, ఈ చెల్లే రాసిందని తేల్చదు.

ఆమె సొంత అలవాటు ఏదైనా ఉందా అని వెతికితే ‘అందుకని’ దొరికింది. సంత కాగితంలో నాలుగు సార్లు ఉంది. ఆ లెక్కన 1100 మాటల రిపోర్టులో 49 సార్లు దాకా రావాలి. వచ్చింది 19 సార్లే. సార్ వెంటనే “చూశారా” అన్నారు. కానీ 90 మాటల్లో ఒక్క ‘అందుకని’ తగ్గితే చాలు, మన అంచనా 12 పడిపోతుంది. ఇంత చిన్న కాగితం నుంచి అంత పెద్ద రిపోర్టుకు లెక్క కట్టలేం. 1964లో మోస్టెల్లర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు అమెరికాలో మారుపేరుతో అచ్చయిన 12 పాత వ్యాసాలు ఎవరివో ఇలాంటి చిన్న మాటల లెక్కతోనే తేల్చారు. ‘అపాన్’ అనే మాటను హామిల్టన్ తరచుగా వాడేవాడు, మాడిసన్ చాలా అరుదుగా వాడేవాడు. కానీ పోల్చి చూడటానికి వాళ్ల చేతిలో ఇద్దరివీ వేల వేల మాటల రాతలు ఉన్నాయి. మన సార్ చేతిలో ఉన్నది ఒక్క పేజీ.

చివరికి సార్ ఒక దారి చెప్పారు. మర్నాడు క్లాసులోనే, రిపోర్టు చూడకుండా, అదే ఇప్పపూల అంశం మీద 40 నిమిషాలు రాయమన్నారు. చెల్లి రెండు పేజీలు రాసింది. చెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చడం, ఎండ ఎక్కకముందే ఏరడం, ఎన్ని రోజులు ఎండబెట్టాలో, సంతలో షావుకారుకు అమ్మితే ఎంత, గిరిజన సహకార సంస్థకు ఇస్తే ఎంత, అన్నీ రిపోర్టు ప్రకారమే వచ్చాయి. ‘అందుకని’ కూడా వచ్చింది, ‘వస్తాయి’, ‘పోతాయి’ కూడా వచ్చాయి. రఫ్ నోట్సు తెమ్మంటే తెచ్చింది. అందులో ఆమె కలిసిన ఇళ్ల లెక్కలు, కొట్టివేతలు ఉన్నాయి. సార్ మార్కులు వేశారు.

అదే క్లాసులో ఇంకొక అబ్బాయి మా సీనియర్ రిపోర్టును దించి ఇచ్చాడు. ఇద్దరిదీ ఒకే గూడెం, ఒకే రకం తెలుగు. మొదటి కాగితంతో పోలిస్తే అతని మీద అనుమానమే రాలేదు. “ఎవరెవరిని కలిశావు?” అని సార్ అడిగితే ఒక్క ఇంటి పేరూ చెప్పలేకపోయాడు. అంటే ఆ కాగితం సొంతంగా రాసినవాళ్లను అనుమానించగలదు, దించి రాసినవాళ్లను వదిలెయ్యగలదు. అనుమానం వచ్చినప్పుడు అడగడానికి అది పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు.

అందుకే మా సార్‌ను నాలుగు అడిగాం, మీరూ మీ కాలేజీలో అడగండి. రిపోర్టు ఏ భాషలో ఇవ్వాలో మొదటి కాగితం కూడా ఆ భాషలోనే రాయించాలి. ఇంగ్లీషులో రాయించి తెలుగు రిపోర్టుతో పోల్చితే అర్థం లేదు. ఒక్కరోజు కాకుండా వేరువేరు రోజుల్లో, వేరువేరు అంశాల మీద కనీసం రెండు రాయించాలి. ప్రతి సెమిస్టర్‌కూ కొత్తవి తీసుకోవాలి, ఎందుకంటే మనం చదువుకోవడానికే వచ్చాం, రాత మారుతుంది. అనుమానం వస్తే కాగితాలు విద్యార్థికి చూపించి, మళ్లీ రాసే అవకాశం ఇచ్చాకే మార్కుల మాట ఎత్తాలి. మొదటి మూడింటికి సార్ సరే అన్నారు. నాలుగోది డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడతానన్నారు, ఇంకా తేలలేదు.

తేలేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. మొదటి కాగితం మీద తేదీ, ఎన్ని నిమిషాలు ఇచ్చారో మీరే రాయండి. తొందరపడి మూడు లైన్లతో ఇచ్చెయ్యకుండా టైము అయ్యేదాకా రాయండి. రఫ్ నోట్సు సెమిస్టర్ రిజల్ట్ వచ్చేదాకా పారెయ్యకండి, కొట్టివేతలున్న పేజీలు మరీ జాగ్రత్త.